కొండ దారిలో సైకిలు ప్రయాణం: గంటల లెక్క ఎలా వేయాలి?

మదనపల్లె నుంచి ఒక పాఠకుడు ఇలా రాశారు: "డాక్టరుగారూ, నా వయసు 47. ఆరేళ్లుగా మధుమేహం ఉంది. పొద్దున గ్లిమెపిరైడ్ మాత్ర, రెండు పూటలా మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నాను. ఏడాదిగా రోజూ గంటసేపు సైకిలు తొక్కుతున్నాను. షుగరు అదుపులోనే ఉంది. వచ్చే నెలలో నేనూ, మా తమ్ముడూ సైకిళ్ల మీద హార్సిలీ హిల్స్‌కు వెళ్లి రావాలనుకుంటున్నాం. దూరం 29 కిలోమీటర్లు. నేను గంటకు 15 కిలోమీటర్లు సునాయాసంగా తొక్కగలను. ఆరు గంటలకు మాత్ర వేసుకుని బయలుదేరితే ఎనిమిదికల్లా పైన ఉంటాం. టిఫిను అక్కడే చేస్తాం. కొండ ఎక్కేటప్పుడు కాస్త ఆలస్యమైనా, దిగేటప్పుడు ఆ సమయం మిగులుతుంది కదా! మీరు సరే అంటే వెళతాం."

ఈ ఉత్తరంలో గుండె గురించి, మోకాళ్ల గురించి అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. వాటిని ఆయనను రోజూ చూసే డాక్టరు అడగాలి. సైకిలు తొక్కవద్దని నేను చెప్పబోవడం లేదు. నన్ను ఆపినది ఒక్కటే వాక్యం: "ఎనిమిదికల్లా పైన ఉంటాం." ఉండరు. మామూలు మనిషికి అది గంట ఆలస్యం మాత్రమే. టిఫిను చేయకుండా గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకున్న మనిషికి అది ఘాట్‌రోడ్డు మధ్యలో కళ్లు తిరిగి పడిపోయే గంట. ఈ మాత్ర వేసుకున్న రెండు మూడు గంటలకు రక్తంలో దాని మోతాదు పతాకస్థాయికి చేరుతుంది. అంటే ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య. సరిగ్గా ఆ సమయానికి ఆయన ఎక్కడ ఉంటారో తెలియాలంటే ముందు ప్రయాణం లెక్క సరిగా వేసుకోవాలి.

చాలామంది చేసే పని ఏమిటంటే, ఎక్కే వేగం ఒకటి, దిగే వేగం ఒకటి అనుకుని, రెండింటినీ కలిపి రెండుతో భాగించి సగటు తీస్తారు. ఎక్కేటప్పుడు గంటకు 7 కిలోమీటర్లు, దిగేటప్పుడు 23. కలిపితే 30, సగం 15. ఇంకేం, సమతలం మీద తొక్కినట్టే కదా అనిపిస్తుంది! కానీ ఇక్కడ ఒక చిక్కు ఉంది. మీరు 7 కిలోమీటర్ల వేగంతో గడిపే సమయం, 23 కిలోమీటర్ల వేగంతో గడిపే సమయం సమానం కావు. దూరం సమానమే, కాలం కాదు. నెమ్మదిగా వెళ్లే చోటనే ఎక్కువసేపు ఉంటాం. అందువల్ల సగటును ఆ నెమ్మది వేగమే తన వైపు లాక్కుంటుంది.

హార్సిలీ హిల్స్ విషయమే చూద్దాం. ఏనుగు మల్లమ్మ కొండ అని స్థానికులు పిలిచే ఈ కొండకు, అప్పట్లో కడప కలెక్టరుగా ఉన్న హార్సిలీ దొర పేరు స్థిరపడిపోయింది. మన పాఠకుడు సెల్‌ఫోనులో మ్యాపు చూసి రాసిన వివరాల ప్రకారం, ఘాట్‌రోడ్డు మొదలయ్యే దాకా సుమారు 20 కిలోమీటర్లు, ఘాట్‌రోడ్డు సుమారు 9 కిలోమీటర్లు. ఆ 9 కిలోమీటర్లలో ఎక్కవలసిన ఎత్తు సుమారు 500 మీటర్లు. ఇవి గుండ్రంగా చేసిన అంకెలే అయినా మన పనికి చాలు.

ఘాట్‌రోడ్డు ఎక్కడానికి ఆయనకు 75 నిమిషాలు పడుతుందనుకోండి. ఎందుకు అంత పడుతుందో తరవాత చెబుతాను. దిగడానికి 24 నిమిషాలు. రానూ పోనూ 18 కిలోమీటర్లకు మొత్తం 99 నిమిషాలు. అంటే గంటకు 11 కిలోమీటర్లు కూడా లేదు! 15 అనుకుంటే 72 నిమిషాల్లో అయిపోవాలి. 27 నిమిషాలు తేడా వచ్చింది. ఇంకో తమాషా చూడండి. దిగేటప్పుడు ఆయనకు రెక్కలు మొలిచి, కన్నుమూసి తెరిచేలోగా కిందికి వచ్చేశారనుకుందాం. దిగడానికి పట్టిన కాలం సున్న. అయినా ఎక్కడానికి పట్టిన 75 నిమిషాలు అలాగే ఉన్నాయి. 72 నిమిషాల గడువు కొండ మీద ఉండగానే దాటిపోయింది. ఎక్కేటప్పుడు పోయిన కాలాన్ని దిగేటప్పుడు సంపాదించుకోవడం అనేది లేదు.

ఎదురుగాలికి కూడా ఇదే లెక్క వర్తిస్తుంది. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి అయితే చెల్లుకు చెల్లు అనుకుంటారు. కాదు. ఎప్పుడూ కొంత నష్టమే మిగులుతుంది.

అందుకని దారిని మూడు ముక్కలు చేయాలి: ఎక్కుడు, సమతలం, దిగుడు. ఒక్కొక్క ముక్కకు దాని దూరాన్ని దాని వేగంతో భాగించి కాలం తెలుసుకోవాలి. చివరకు కాలాలను కలపాలి. వేగాలను ఎప్పుడూ కలపకూడదు. పద్ధతి ఇంతే. కష్టమల్లా ఆ మూడు వేగాలు ఎక్కడి నుంచి తేవాలన్నదే.

సమతలం

మూడింటిలో తేలిక ఇది. మీరు వెళ్లబోయే రోడ్డు లాంటి రోడ్డు మీద, తీసుకెళ్లబోయే సామానుతోనే, ఒక పది కిలోమీటర్లు పోయి, అదే దారిన తిరిగి రండి. మొత్తం దూరాన్ని మొత్తం కాలంతో భాగించండి. స్టేడియం చుట్టూ తిరిగి చూసిన వేగం పనికిరాదు. రాయలసీమ రోడ్లు చూడటానికి చదునుగా కనిపిస్తాయి కాని, సన్నని మిట్టలు, పల్లాలు ఉంటూనే ఉంటాయి. అలాంటి చిన్న మిట్టలను విడిగా లెక్కపెట్టవలసిన పని లేదు. అలాంటి రోడ్డు మీదే కొలిస్తే అవి మీ వేగంలోనే కలిసిపోతాయి. మన పాఠకుడి 15 కిలోమీటర్లు అంగళ్లు వైపు రోడ్డు మీద కొలిచినదేనట. కాబట్టి ఒప్పుకుందాం. 20 కిలోమీటర్లకు 80 నిమిషాలు.

ఎక్కుడు

ఇక్కడ దూరాన్ని చూసి మోసపోకూడదు. కొండ ఎక్కేటప్పుడు మీ కాళ్లు చేసే పనిలో పెద్ద భాగం మీ బరువును, సైకిలు బరువును పైకి మోయడం. పది కిలోమీటర్లలో 300 మీటర్లు ఎక్కడం వేరు, అదే పదిలో 600 మీటర్లు ఎక్కడం వేరు. అందుచేత ఎక్కుడుకు వేగాన్ని గంటకు ఇన్ని కిలోమీటర్లు అని కాక, గంటకు ఇన్ని మీటర్ల ఎత్తు అని పట్టుకోవడం మంచిది. నడకకు ఈ ఉపాయం పాతదే. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండు పర్వతారోహకుడు, సమతలం మీద పట్టే కాలానికి ప్రతి 2,000 అడుగుల ఎత్తుకూ ఒక గంట కలుపుకోమని చెప్పాడు.

సైకిలు మీద మీ అంకె ఎంతో తెలియాలంటే ఏదైనా కొండదారి ఎక్కి చూడాలి. మన పాఠకుడిని అదే ఘాట్‌లో మొదటి మూడు కిలోమీటర్లు ఎక్కి, కాలం చూసుకుని, తిరిగి రమ్మని జవాబు రాశాను. ఒక ఆదివారం టిఫిను చేసి, తమ్ముణ్ణి తోడు తీసుకుని, ఘాట్ మొదలు దాకా బస్సులో వెళ్లి ఆ పని చేశారు. సైకిలు మాత్రం మోటారు వాహనంలో ముందే చేరవేశారు. మూడు కిలోమీటర్లకు 170 మీటర్ల ఎత్తు, పట్టిన కాలం 23 నిమిషాలు. గంటకు సుమారు 440 మీటర్లన్నమాట. కానీ అది అలుపు లేని కాళ్లతో చూసిన లెక్క. అసలు రోజున అంతకు ముందు 20 కిలోమీటర్లు తొక్కి ఉంటారు. ఎండ ఎక్కుతూ ఉంటుంది. పదో వంతు తగ్గించి, గంటకు 400 మీటర్లు అని పెట్టుకుందాం. 500 మీటర్ల ఎత్తుకు గంటా పావు. 75 నిమిషాలు అలా వచ్చాయి. దాన్ని దూరంలోకి మారిస్తే గంటకు 7.2 కిలోమీటర్లు.

ఇలా కొలిచేటప్పుడు ఒక నియమం ఉంది. పక్కనున్న మనిషితో ఒక చిన్న వాక్యం తడబడకుండా చెప్పగలిగేటంత జోరుగానే తొక్కాలి. రొప్పుతూ, ఒక్కో మాటగా సమాధానం చెబుతూ ఎక్కితే పది నిమిషాలు ఎక్కగలరు, గంట ఎక్కలేరు. ఆ అంకె లెక్కకు పనికిరాదు. దగ్గరలో కొండే లేనివారు గంటకు 300 మీటర్లతో మొదలుపెట్టండి. ముందుగా చేరితే బాధ లేదు.

ఇదంతా గేర్లు ఉన్న సైకిలు సంగతి. గేర్లు లేని పాతకాలపు పెద్ద సైకిలు మీద గంటకు 7 కిలోమీటర్ల వేగంతో ఎక్కితే పెడలు నిమిషానికి 22 సార్లే తిరుగుతుంది. అంటే ప్రతి తొక్కుడుకూ ఒంటి బరువంతా ఒక మోకాలి మీద మోపాలి. అది నలభై దాటినవారికి నేను సలహా ఇవ్వను. వేగం అయిదు కిలోమీటర్లకు పడిపోతే సైకిలు నిలవదు, వంకరలు పోతుంది. అప్పుడు దిగి నెట్టుకుంటూ నడవడమే. సైకిలు నెట్టుకుంటూ ఎక్కే మనిషి గంటకు మూడున్నర, మహా అయితే నాలుగు కిలోమీటర్లు నడుస్తాడు. 9 కిలోమీటర్లకు రెండున్నర గంటలు వేసుకోవాలి. సిగ్గుపడి ఆ సంగతి లెక్కలో దాచిపెడితే దారిలో బయటపడుతుంది.

దిగుడు

దిగేటప్పుడు వేగాన్ని నిర్ణయించేవి కాళ్లు కాదు. బ్రేకులు, మలుపులు, ఎదురుగా వచ్చే బస్సులు. ఈ వాలులో బ్రేకు వేయకుండా వదిలేస్తే, నిటారుగా కూర్చున్న మనిషి కూడా గంటకు 40 కిలోమీటర్ల వేగం అందుకుంటాడు. హెయిర్‌పిన్ మలుపు దగ్గర ఆ వేగంతో సైకిలు తిరగదు. 22, 23 కిలోమీటర్లకు మించకుండా దిగమంటాను. మన పాఠకుడు తన లెక్కలో 35 వేశారు. సరే, 35తో దిగితే 15 నిమిషాలు. 22తో దిగితే 24 నిమిషాలు. ఇంత ప్రమాదానికి ఒడిగట్టి సంపాదించేది 9 నిమిషాలు! ఇంకో విధంగా చూడండి. దిగుడు వేగంలో ఒక కిలోమీటరు అంచనా తప్పితే ఒక్క నిమిషం తేడా వస్తుంది. ఎక్కుడు వేగంలో అదే ఒక్క కిలోమీటరు తప్పి, 7.2 కాస్తా 6.2 అయితే 12 నిమిషాలు తేడా వస్తుంది. కాబట్టి దిగుడు గురించి తలబద్దలు కొట్టుకోకుండా తక్కువ వేగం వేసుకుని ఊరుకోండి. శ్రద్ధంతా ఎక్కుడు మీద పెట్టండి.

దిగే దారిలో సగం దూరం వచ్చాక ఒక అయిదు నిమిషాలు ఆగాలి. ఎడతెగకుండా బ్రేకు పట్టి దిగితే చక్రాల రిమ్ములు వేడెక్కి బ్రేకు పట్టు తగ్గుతుంది. మీ వేళ్లకూ విశ్రాంతి కావాలి.

మొత్తం లెక్క

ఇప్పుడు ఉత్తరం రాసినాయన ఉదయాన్ని మళ్లీ వేసి చూద్దాం. ఆరు గంటలకు బయలుదేరితే, 80 నిమిషాలకు, అంటే 7-20కి ఘాట్ మొదటికి చేరతారు. అక్కడ పది నిమిషాలు ఆగుతారు. 7-30కి ఎక్కడం మొదలు. తొక్కడానికి 75 నిమిషాలు, మధ్యలో రెండు చోట్ల పదేసి నిమిషాల విశ్రాంతి. పైకి చేరేసరికి 9-05. ఆయన అనుకున్నది ఎనిమిది. ఆగిన సమయాన్ని వేగంలో కలిపేసి, "సగటున ఇంత" అనుకోవడం మరో పొరపాటు. ఆగడాన్ని విడిగా, నిమిషాల్లోనే రాసుకోవాలి. అప్పుడే ఎక్కడ ఆగాలో, ఆగినప్పుడు ఏం తినాలో ముందే నిర్ణయించుకోగలుగుతారు.

పైన గంట గడిపి 10-05కి బయలుదేరితే, దిగడానికి ఆగడంతో కలిపి అరగంట. తిరుగు దారిలో అలసట ఉంటుంది కాబట్టి సమతలం వేగాన్ని 14కు తగ్గిస్తే 86 నిమిషాలు. ఒక చోట పావుగంట నీడన కూర్చుంటారు. ఇంటికి చేరేసరికి 12-15 దాటుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఈ ప్రయాణం ఎందుకు వద్దంటానో ఆ చివరి అంకే చెబుతుంది. ఆఖరి గంటన్నర నడినెత్తిన ఎండలో తొక్కాలి. చలికాలంలో పెట్టుకోండి.

ఇప్పుడు మాత్ర సంగతి. ఆరింటికి వేసుకున్న గ్లిమెపిరైడ్ ఎనిమిది, తొమ్మిది మధ్య ఉద్ధృతంగా పనిచేస్తుంది. సరిగ్గా ఆ గంటే ఆయన కొండ ఎక్కుతూ, కండరాలతో చక్కెరను ఖర్చు చేస్తూ ఉంటారు. కడుపులో టిఫిను లేదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ భయం చాలా తక్కువ. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటివి, లేదా ఇన్సులిన్ వాడేవారికి చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చు. ఆ రోజు మాత్ర తగ్గించాలా, మానాలా అన్నది మీ డాక్టరు చెప్పాలి. మీ అంతట మీరు మానవద్దు. అయితే ఆయన దగ్గరకు "రెండు గంటలు సైకిలు తొక్కుతాను" అని వెళ్లకండి. పైన రాసిన కాలపట్టికను కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి. రెండు గంటల ప్రయాణానికి ఇచ్చే సలహా వేరు, ఆరుగంటల ప్రయాణానికి ఇచ్చే సలహా వేరు.

ఏది ఏమైనా టిఫిను ఇంటి దగ్గరే చేసి బయలుదేరాలి. బయలుదేరే ముందు రక్తంలో చక్కెర చూసుకోండి. 90 కంటే తక్కువ ఉంటే అరటిపండో, బిస్కెట్లో అదనంగా తిని, కాస్త ఆగి, మళ్లీ చూసుకుని కదలండి. ఘాట్ మొదట్లో ఆగే పది నిమిషాల్లో మళ్లీ చూసుకుని, ఒక అరటిపండు తినండి. మధ్య విశ్రాంతుల్లో కొంచెం కొంచెం తింటూ ఉండండి. నీళ్లు గంటకు అర లీటరు చొప్పున లెక్క వేస్తే పైకి చేరడానికే లీటరున్నర కావాలి. సైకిలుకు తగిలించే ఒక్క సీసా చాలదు. రెండు గంటల లెక్క వేసుకున్నవాడు ఒక్క సీసాతోనే వెళతాడు.

కొండ ఎక్కేటప్పుడు ఒక ఇబ్బంది ఉంది. చక్కెర పడిపోయినప్పుడు కనిపించే లక్షణాలు చెమట, గుండె దడ, నీరసం. కొండ ఎక్కే ప్రతివాడికీ ఇవే ఉంటాయి! మరి తేడా ఎలా తెలుస్తుంది? దిగి, నీడలో అయిదు నిమిషాలు నిలబడండి. శ్రమ వల్ల వచ్చిన దడ తగ్గుముఖం పడుతుంది. చక్కెర తగ్గడం వల్ల వచ్చినదైతే తగ్గదు. చెమట చల్లగా పడుతూనే ఉంటుంది, చేతులు వణుకుతాయి, చూపు మసకవుతుంది, పక్కవాడి మీద అకారణంగా విసుగు వస్తుంది. కాలపట్టిక కూడా ఇక్కడ ఉపయోగపడుతుంది. మూడో కిలోమీటరు రాయి దగ్గరకు 7-55కి చేరాలి, అనుకున్నట్టు అక్కడికి 25 నిమిషాలు. పది నిమిషాలకు పైగా ఆలస్యమైందంటే మిగతా ఆరు కిలోమీటర్లలో మరో ఇరవై నిమిషాలు కలుస్తాయి. ఎదురుగాలి లేదు, టైరులో గాలి సరిగానే ఉంది, అయినా ఆలస్యమైందంటే ఒంట్లో ఏదో తేడా ఉంది. చక్కెర పరీక్ష చేసుకోవలసిన చోటు అదే.

పరీక్షలో 70 కంటే తక్కువ వచ్చినా, పరీక్ష చేసుకునే వీలు లేక అనుమానంగా ఉన్నా, మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి వెంటనే తాగండి. చక్కెర పొట్లం చొక్కా జేబులో ఉండాలి, క్యారియరు మీద కట్టిన సంచీ అడుగున కాదు. పావుగంట తరవాత మళ్లీ చూసుకోండి. తగ్గకపోతే మళ్లీ అంతే తాగాలి. కుదుటపడ్డాక ఏదైనా తినాలి. ఆ రోజు ఇక ఎక్కవద్దు, వెంటనే దిగనూ వద్దు. చక్కెర పడిన మనిషి చేతిలో బ్రేకు సరిగా పలకదు. కోలుకున్నాక ఏ ఆటోలోనో, జీపులోనో కిందికి చేరండి. ఎక్కేటప్పుడు రొమ్ములో నొప్పి, బిగువు వస్తే మాత్రం చక్కెర అని సరిపెట్టుకోకండి. అక్కడికక్కడే ఆగి, వాహనం పిలిపించుకుని ఆసుపత్రికి వెళ్లండి.

తమ్ముడుగారికి మధుమేహం లేదు కాబట్టి ఆయన ముందుకు దూసుకుపోవాలని చూస్తారు. ఎక్కుడు లెక్క ఇద్దరిలో నెమ్మదైన వారిది వేయాలి. తమ్ముడు వెనక ఉండాలి. చక్కెర పొట్లం ఎక్కడుందో, ఏం చేయాలో ఆయనకూ తెలిసి ఉండాలి.

ఇంటికి వచ్చాక ఇంకొక సంగతి. ఇంతసేపు శ్రమపడిన కండరాలు సాయంత్రం దాకా, ఒక్కోసారి ఆ రాత్రంతా రక్తంలోని చక్కెరను లాక్కుంటూనే ఉంటాయి. మధ్యాహ్నం భోజనం ఆలస్యం చేయవద్దు. రాత్రి పడుకోబోయే ముందు మరొకసారి చక్కెర చూసుకోండి. తక్కువగా ఉంటే ఒక గ్లాసు పాలు, రెండు బిస్కెట్లు తీసుకుని పడుకోండి. ఆ రాత్రి గదిలో ఒంటరిగా పడుకోవద్దు.